ఎర్ర అంకెలకే ఎందుకీ మసక?

విజయవాడలో ఒక అకౌంటెంట్ 43 అంగుళాల 4కే టీవీని బల్ల మీద పెట్టి, దానికి ల్యాప్‌టాప్ తగిలించి జీఎస్టీ లెక్కలు చూసుకుంటారు. ఎక్సెల్‌లో నల్ల అంకెలు అచ్చుగుద్దినట్టు కనిపిస్తాయి. ఎర్ర అంకెల అంచులు మాత్రం తడి కాగితం మీద సిరాలా పాకి ఉంటాయి. నీలం గడుల్లో ఎర్రగా రాసుకున్న తెలుగు పేర్లయితే మరీ దారుణం, వత్తులన్నీ ముద్దలే. కళ్లజోడు మార్చాలేమోననుకున్నారు. కేబుల్ మార్చి చూశారు. లాభం లేకపోయింది.

చివరికి ఒక స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో తెరిస్తే, అదే ఎర్ర అక్షరం శుభ్రంగా ఉంది! కంప్యూటర్ బొమ్మను సరిగ్గానే గీస్తోందన్నమాట. చెడుతున్నది అక్కణ్నుంచి బయల్దేరాక.

సినిమాలకు ఒక పాత పొదుపు సూత్రం ఉంది. మన కన్ను వెలుగునీడల తేడాను పట్టుకున్నంత సూక్ష్మంగా రంగుల తేడాను పట్టుకోలేదు. అందుకే వీడియోలో ప్రతి చుక్కకూ వెలుగు ఎంతో విడిగా రాసుకుంటారు, రంగును మాత్రం పక్కపక్కనున్న నాలుగు చుక్కలకు కలిపి ఒక్కటే రాస్తారు. దీన్నే 4:2:0 అంటారు. బ్లూరే డిస్కులూ, ఓటీటీ సినిమాలూ ఇలాగే వస్తాయి. 4కే తెర మీద వెలుగు 4కేలోనే ఉంటుంది కానీ, రంగు ఫుల్ హెచ్‌డీ స్థాయికి పడిపోతుంది. హీరో చొక్కా మీద ఈ తేడాను ఎవరూ కనిపెట్టలేరు.

అక్షరం సంగతి వేరు. దాని గీత వెడల్పు ఒకటి రెండు చుక్కలే. తెల్ల కాగితం మీద నల్ల అక్షరమైతే తేడా అంతా వెలుగులోనే కాబట్టి బతికిపోతుంది. ఎరుపు, నీలం రెండూ వెలుగులో మందమైన రంగులే. వాటి మధ్య తేడా దాదాపు అంతా రంగులోనే ఉంటుంది. ఆ రంగునే నలుగురికి పంచితే గీత పక్క చుక్కల్లోకి ఒలికిపోతుంది. ప్రతి చుక్కకూ దాని రంగు దానికే ఇస్తే అది 4:4:4. కంప్యూటర్ మామూలుగా పంపే RGB కూడా అలాంటిదే.

మరి టీవీకి ఆ పూర్తి రంగు ఎందుకు అందలేదు? సెకనుకు 60 ఫ్రేముల 4కే బొమ్మను పూర్తి రంగుతో పంపాలంటే సెకనుకు దాదాపు 18 గిగాబిట్ల దారి కావాలి. 4:2:0 అయితే అందులో సగం చాలు. పాత పరికరాలతో పేచీ రాకుండా చాలా టీవీలు ఈ పెద్ద దారిని మూసే ఉంచుతాయి. తెరిచే మీట శామ్‌సంగ్‌లో Input Signal Plus, ఎల్‌జీలో HDMI Deep Colour పేరుతో ఉంటుంది. సోనీలో HDMI signal format లోకి వెళ్లి Enhanced format ఎంచుకోవాలి. ఒక్కో పోర్టుకు విడిగా పెట్టాల్సిన సెట్టింగ్ ఇది.

అకౌంటెంట్ గారి టీవీలోనూ అది ఆపేసే ఉంది. ఆన్ చేసి, విండోస్‌లో Advanced display తెరిచి చూస్తే Color format ఎదురుగా RGB అని వచ్చింది. ఎర్ర అంకెలు కొంత తేరుకున్నాయి. కొంతే! నిలువు గీతల అంచులు ఇంకా అడ్డంగా పాకుతూనే ఉన్నాయి.

కంప్యూటర్ RGB పంపుతున్నా అక్షరం చెదురుతోందంటే తప్పు టీవీ లోపలిదే. వచ్చిన బొమ్మకు మెరుగులు దిద్దే క్రమంలో చాలా టీవీలు రంగును మళ్లీ సగానికి కుదించేస్తాయి. ఆ మెరుగులు వద్దని చెప్పడమే పీసీ మోడ్. తమాషా ఏమిటంటే, శామ్‌సంగ్, ఎల్‌జీ టీవీల్లో అది పిక్చర్ మెనూలో కనిపించదు. ఇన్‌పుట్‌ల జాబితాలో ఆ పోర్టు పేరునో బొమ్మనో PC గా మార్చాలి. పేరు మారిస్తే పనితీరు మారుతుందని ఎవరికి తడుతుంది? సోనీలో మాత్రం పిక్చర్ మోడ్‌గా Graphics పెట్టుకుంటే సరి.

పేరు మార్చగానే తెర ఒక్క క్షణం నల్లబడి మళ్లీ వెలిగింది. నీలం గడిలో 'కృష్ణ' అన్న పేరులో ణ వత్తు మొదటిసారి విడిగా కనిపించింది. నల్ల అక్షరాల చుట్టూ తెల్లటి అంచులాంటిది మాత్రం మిగిలింది. దానికి కారణం షార్ప్‌నెస్, తగ్గించగానే పోయింది.

కొన్నిచోట్ల ఈ చిట్కాలు పనిచేయవు. ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ 1.4 పోర్టే ఉంటే 4కేలో పూర్తి రంగు సెకనుకు 30 ఫ్రేముల దగ్గరే దొరుకుతుంది, మౌస్ ఈడ్చుకుంటూ నడుస్తుంది. హెచ్‌డీఎంఐ 2.0 పోర్టులో హెచ్‌డీఆర్ ఆన్ చేసి 10 బిట్ల రంగు పంపబోతే 18 గిగాబిట్లూ చాలవు, రంగు మళ్లీ కుదించుకుపోతుంది. లెక్కలు చూసుకునేవారికి హెచ్‌డీఆర్‌తో పనేముంది, ఆపేస్తే సరి. కొన్ని చవక టీవీల్లో అసలు పూర్తి రంగు చూపే ఏర్పాటే ఉండదు.

నెల తర్వాత ఆ అకౌంటెంట్ గారి ఎర్ర అంకెలు మళ్లీ మసకబారాయి. ఇల్లు దులిపినప్పుడు ఎవరో కేబుల్ పీకి, సెట్‌టాప్ బాక్స్ పోర్టులో గుచ్చారు.