ఎం.2 స్లాట్‌లో దూరిన ప్రతిదీ పనిచేయదు: సాటా, ఎన్‌వీఎంఈ డ్రైవ్‌ల తేడా

కంప్యూటర్‌లో వాడే ఎస్ఎస్‌డీలు రెండు దారుల్లో మదర్‌బోర్డుకు కలుస్తాయి. ఒకటి సాటా. రెండోది పీసీఐఈ, ఈ దారి మీద నడిచే పద్ధతి పేరే ఎన్‌వీఎంఈ. సమాచారం దాచే ఫ్లాష్ చిప్‌లు రెండింటిలోనూ ఒకే జాతివి. ఆ చిప్‌ల నుంచి ప్రాసెసర్ దాకా సమాచారం ఏ దారిన వస్తుందన్నదే తేడా. కొనేవారికి చిక్కు వచ్చేది ఎం.2 దగ్గర. ఎం.2 అనేది ఆకారం పేరు మాత్రమే. 22 మిల్లీమీటర్ల వెడల్పున్న ఆ సన్నని పట్టీ రూపంలో సాటా డ్రైవూ దొరుకుతుంది, ఎన్‌వీఎంఈ డ్రైవూ దొరుకుతుంది. చాలా స్లాట్లలో రెండూ దూరతాయి కూడా. పనిచేసేది రెండూ కావచ్చు, ఒక్కటే కావచ్చు.

సాటా హార్డ్ డిస్కుల కోసం పుట్టిన దారి. తిరిగే పళ్లెం మీద ముల్లు లాంటి హెడ్ ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదిలి సమాచారం చదవాలి కాబట్టి, మామూలు హార్డ్ డిస్కు వేగం సాటా హద్దుకు చాలా తక్కువలోనే ఆగిపోతుంది. దానికి మూడో తరం సాటా ఇచ్చే 6 గిగాబిట్ల వేగం చాలా ఎక్కువ. ఈ దారిలో ప్రతి 8 బిట్లనూ 10 బిట్లుగా మార్చి పంపుతారు. అందువల్ల లెక్క ప్రకారం సెకనుకు 600 ఎంబీ, ఆచరణలో 550 ఎంబీ దగ్గర వేగం ఆగిపోతుంది. ఏ కంపెనీ సాటా ఎస్ఎస్‌డీ డబ్బా చూసినా చదివే వేగం 500 నుంచి 560 మధ్యే రాసి ఉంటుంది. ఆ హద్దు డ్రైవ్‌ది కాదు, దారిది.

ఇంకో హద్దు కూడా ఉంది. సాటా డ్రైవ్‌లతో కంప్యూటర్ సాధారణంగా ఏహెచ్‌సీఐ అనే పద్ధతిలో వ్యవహరిస్తుంది. అందులో పనుల వరుస ఒక్కటే, ఆ వరుసలో ఒకేసారి నిలబడగలిగేవి 32 ఆదేశాలు. హెడ్‌లన్నీ కలిసే కదిలే డిస్కుకు ఒక్క వరుస సరిపోయింది. ఫ్లాష్ చిప్‌లు ఒకేసారి ఎన్నో చోట్ల నుంచి చదవగలవు. ఒకే కౌంటర్ తెరిచిన టోల్ గేటు దగ్గర వాహనాలు ఆగినట్టు, వాటి శక్తి అంతా ఆ ఒక్క వరుస దగ్గర ఆగిపోతుంది. 2011లో తొలి ప్రమాణం వెలువడిన ఎన్‌వీఎంఈ ఈ పద్ధతిని మొదటి నుంచీ ఫ్లాష్ కోసమే మళ్లీ రాసింది. ఇందులో 64 వేలకు పైగా వరుసలకూ, ఒక్కో వరుసలో 64 వేలకు పైగా ఆదేశాలకూ చోటుంది. ప్రాసెసర్‌లోని ప్రతి కోర్‌కూ సొంత వరుస ఇవ్వవచ్చు.

ఎన్‌వీఎంఈ వేగం పీసీఐఈ దారి ఏ తరానిదో, అందులో ఎన్ని లేన్లు దక్కాయో వాటిని బట్టి ఉంటుంది. రెండో తరం పీసీఐఈ ఒక్కో లేన్‌కు సెకనుకు 500 ఎంబీ ఇస్తుంది. మూడో తరం దాదాపు 985 ఎంబీ, నాలుగో తరం దానికి రెట్టింపు. మామూలు ఎన్‌వీఎంఈ డ్రైవ్ నాలుగు లేన్లు వాడుకుంటుంది. అందుకే మూడో తరం డ్రైవ్‌ల మీద 3,500 ఎంబీ దగ్గరి అంకె, నాలుగో తరం వాటిలో వేగవంతమైన వాటి మీద 7,000 ఎంబీ దగ్గరి అంకె కనిపిస్తాయి.

ఈ అంకెల్ని చూసి కంప్యూటర్ ఆరు రెట్లో పన్నెండు రెట్లో చురుగ్గా పనిచేస్తుందని అనుకుంటే నిరాశే మిగులుతుంది. విండోస్ తెరుచుకోవడం, బ్రౌజర్ నడవడం, వర్డ్ ఫైలు తెరవడం లాంటి పనుల్లో కంప్యూటర్ చదివేవి చిన్న చిన్న ముక్కలు. అవి కూడా కొద్దికొద్దిగానే అడుగుతుంది. అక్కడ అసలు లాభం హార్డ్ డిస్కు నుంచి ఏదో ఒక ఎస్ఎస్‌డీకి మారినప్పుడే వచ్చేస్తుంది. సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారితే వచ్చే తేడా కొద్ది సెకన్లు. పెద్ద ఫైళ్లతో పనిచేసేవారి సంగతి వేరు. 50 జీబీ పెళ్లి వీడియోను సాటా డ్రైవ్ నుంచి సెకనుకు 500 ఎంబీ చొప్పున చదవడానికి 100 సెకన్లు పడుతుంది. 3,000 ఎంబీ చొప్పున అయితే 17 సెకన్లలో అయిపోతుంది. అయితే కాపీ చేసే రెండో కొస కూడా అంత వేగంగా ఉండాలి. అటు పక్క పాత హార్డ్ డిస్కు ఉంటే, ఎన్‌వీఎంఈ దాని వేగానికి తగ్గి నడవక తప్పదు.

ఇక స్లాట్ సంగతి. డ్రైవ్ కొసన బంగారు రంగు కాంటాక్టుల మధ్య గాటు ఉంటుంది, దాన్ని కీ అంటారు. గాటుకు పక్కన పొట్టి వైపు, ఒక ముఖం మీద 5 కాంటాక్టులు ఉంటే అది ఎం కీ, 6 ఉంటే బీ కీ. ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లకు సాధారణంగా ఎం కీ ఒక్కటే ఉంటుంది. ఎం.2 సాటా డ్రైవ్‌లకు సాధారణంగా రెండు గాట్లూ ఉంటాయి. రెండు గాట్లున్న డ్రైవ్ ఎం కీ స్లాట్‌లో కూడా చక్కగా కూర్చుంటుంది. గాటు చూసి స్లాట్ రకాన్ని తేల్చేయడం ఇందుకే ప్రమాదం. ఎం కీ స్లాట్ కేవలం పీసీఐఈకి మాత్రమే కావచ్చు, పీసీఐఈ, సాటా రెండింటికీ కావచ్చు, కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఒక్క సాటాకే కావచ్చు. మూడూ పైకి ఒకేలా కనిపిస్తాయి. తప్పు జోడీ పెడితే ఏదీ కాలిపోదు, బయోస్‌లో డ్రైవ్ కనిపించదంతే. డ్రైవ్ పాడైందనుకుని దుకాణానికి తిరిగి తీసుకెళ్లేవారిలో ఇలా తప్పు స్లాట్‌లో పెట్టినవారూ ఉంటారు.

కాబట్టి తేల్చగలిగేది ఒక్కటే, బోర్డు తయారీదారు రాసిన స్పెసిఫికేషన్. దానికి ముందు బోర్డు కచ్చితమైన పేరు కావాలి. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి ఇది టైప్ చేస్తే పేరు వస్తుంది:

```
Get-CimInstance Win32_BaseBoard | Select-Object Manufacturer, Product
```

లినక్స్‌లో అయితే:

```
sudo dmidecode -t baseboard
```

పేరు చివర వచ్చే అక్షరాలనూ అంకెలనూ వదిలిపెట్టకూడదు. ఒకే పేరుతో మొదలయ్యే రెండు బోర్డుల్లో ఒకదానికి ఎం.2 స్లాట్ ఉండి, ఇంకోదానికి లేకపోవచ్చు. బోర్డు మీద `Rev` అని అచ్చువేసి ఉంటే ఆ అంకె కూడా చూసుకోవాలి. ల్యాప్‌టాప్‌కు బోర్డు పేరు కంటే అడుగున అంటించిన మోడల్ నంబరు ఎక్కువ పనికొస్తుంది. హెచ్‌పీ, లెనోవో వంటి కంపెనీలు విడిభాగాలు మార్చే విధానం చెప్పే సర్వీసు మాన్యువల్‌ను విడిగా ఇస్తాయి, స్లాట్ వివరం అందులో దొరుకుతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో బోర్డు మీద స్లాట్ కోసం చోటు వదిలి, కనెక్టర్‌ను మాత్రం అతికించరు. అందువల్ల వీలైతే అడుగు మూత విప్పి కంటితో చూశాకే డబ్బు ఖర్చు పెట్టడం మంచిది.

ఒక కేసు పూర్తిగా చూద్దాం. 2018లో వచ్చిన ఇంటెల్ హెచ్310 చిప్‌సెట్ బోర్డులు తక్కువ ధర వల్ల 8వ, 9వ తరం ప్రాసెసర్లతో ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో చేరాయి. అలాంటి బోర్డు మాన్యువల్‌లో నిల్వకు సంబంధించిన భాగంలో ఇలాంటి పంక్తి ఉంటుంది:

```
1 x M.2 connector (Socket 3, M key, type 2242/2260/2280 SATA and PCIe x2 SSD support)
```

ఇందులో `M key` అంటే గాటు రకం. `2280` అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు; బజారులో దొరికే చాలా డ్రైవ్‌లది ఇదే కొలత. `SATA and PCIe` అని రెండూ ఉన్నాయి కాబట్టి ఏ రకం డ్రైవ్ పెట్టినా పనిచేస్తుంది. ఇక్కడ `SATA` మాత్రమే ఉంటే ఎన్‌వీఎంఈ కొనకూడదు, `PCIe` మాత్రమే ఉంటే ఎం.2 సాటా కొనకూడదు. చివరిది `x2`, అంటే దక్కేవి రెండు లేన్లే. హెచ్310 చిప్‌సెట్ ఇచ్చే లేన్లు రెండో తరానివి. రెండు లేన్లు కలిపితే లెక్క ప్రకారం 1,000 ఎంబీ, చేతికందేది అంతకన్నా కొంత తక్కువ. అదే కాలపు బీ360 చిప్‌సెట్ లేన్లు మూడో తరానివి. ఈ హెచ్310 బోర్డులో 3,500 ఎంబీ డ్రైవ్ పెడితే అది పనిచేస్తుంది, కానీ డబ్బా మీది వేగంలో మూడో వంతు కూడా రాదు. ఈ బోర్డుకు ఖరీదైన డ్రైవ్ కొనడం దండగ. ధరలో పెద్ద తేడా లేకపోతే మామూలు ఎన్‌వీఎంఈ, తేడా ఉంటే సాటా తీసుకోవడమే సరైన లెక్క.

మాన్యువల్‌లో ఆ పంక్తి కిందే చిన్న అక్షరాల్లో ఇంకో సంగతి ఉండవచ్చు. కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాట్, మామూలు సాటా పోర్టుల్లో ఒకటి ఒకే లైనును పంచుకుంటాయి. స్లాట్‌లో సాటా డ్రైవ్ పెడితే ఆ పోర్టు ఆగిపోతుంది. కొత్త ఎస్ఎస్‌డీ పెట్టిన రోజే పాత హార్డ్ డిస్కు మాయమైతే, అది చచ్చిపోయిందని బెంగపడే ముందు దాని కేబుల్‌ను ఇంకో పోర్టుకు మార్చి చూడాలి.

పాత బోర్డులకు మరో అడ్డంకి ఉంది. ఎన్‌వీఎంఈ నుంచి విండోస్ లేవాలంటే బోర్డు యూఈఎఫ్ఐకి ఆ డ్రైవ్‌ను గుర్తుపట్టడం తెలియాలి. ఇంటెల్‌లో సుమారుగా 9 సిరీస్ చిప్‌సెట్ల నుంచి ఈ వసతి వచ్చింది, అది కూడా చాలా బోర్డుల్లో బయోస్ అప్‌డేట్ చేశాకే. అంతకన్నా పాతవాటిలో పీసీఐఈ అడాప్టర్ కార్డు మీద డ్రైవ్ పెడితే, ఫైళ్లు దాచుకోవడానికి పనికొస్తుంది తప్ప బూట్ కాదు. అలాంటి బోర్డుకు 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ నిశ్చింతైన ఎంపిక. సాటా పోర్టు ఉన్న ఏ బోర్డులోనైనా అది నడుస్తుంది.

డ్రైవ్ బిగించాక అది ఏ దారిన కలిసిందో చూసుకోవచ్చు:

```
Get-PhysicalDisk | Select-Object FriendlyName, BusType
```

`BusType` కింద `NVMe` అనో `SATA` అనో వస్తుంది. లేన్ల లెక్క కావాలంటే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో `Transfer Mode` అనే గడి చూడాలి. గీతకు ఎడమ పక్కన ఇప్పుడు నడుస్తున్న వేగం, కుడి పక్కన డ్రైవ్ చేరగలిగే వేగం ఉంటాయి. పైన చెప్పిన బోర్డులో అక్కడ `PCIe 2.0 x2 | PCIe 3.0 x4` అని కనిపిస్తుంది. అది డ్రైవ్ లోపం కాదు, వారంటీ కింద మార్పించుకున్నా అదే అంకె వస్తుంది. అదే డ్రైవ్‌ను తర్వాత నాలుగు మూడో తరం లేన్లున్న బోర్డులోకి మారిస్తే పూర్తి వేగం అందుకుంటుంది.