గండికోట ఫొటోకు పదహారు అక్షరాల పేరు

మీకు తెలుసా? గండికోట అంచున నిలబడి పెన్న లోయను తీసిన ఫొటో ఎంత పెద్దదైనా, దాన్ని పదహారు అక్షరాలకు కుదించి పక్క ఫొటోతో పోల్చవచ్చు. రెండూ ఒకే ఫొటోనా కాదా అని యంత్రం చాలాసార్లు సరిగానే చెబుతుంది. తప్పు చెప్పినప్పుడు మాత్రం ఎందుకు తప్పిందో తెలుసుకోవడం సరదాగా ఉంటుంది. ఒక్కోసారి కొంప కూడా మునుగుతుంది. నాది దాదాపు మునిగింది. ఆ సంగతి చివర్లో చెబుతాను.

మా చుట్టాలంతా కర్నూలు నుంచి కొందరు, కడప నుంచి కొందరు జమ్మలమడుగులో కలిసి గండికోట పోయొచ్చారు. ఆ రాత్రికే నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో అవే ఫొటోలు తిరిగి తిరిగి వచ్చిపడ్డాయి. మా మేనల్లుడు ఫోన్ పట్టుకొచ్చి, "మామా, ఫోన్ నిండిపోయినాది. ఒకే ఫొటో ఏడుసార్లుంది. ఒకటుంచి తక్కినవి తీసేయరాదా?" అన్నాడు. "ఫైళ్లను సరిపోల్చి తీసేస్తే పోలా?" అన్నాను. పోలేదు. వాట్సాప్‌లో పెట్టిన ఫొటోను అది మామూలుగా చిన్నది చేసి పంపుతుంది. కంటికి అదే లోయ, అదే రాయి, అదే అత్త. ఫైలు లోపల మాత్రం బైట్లు కలవవు. ఫైలును ఫైలుతో పోల్చే పద్ధతికి ఆ ఏడూ ఏడు వేర్వేరు వస్తువులు.

అందుకే పర్సెప్చువల్ హ్యాషింగ్ అనేది పుట్టింది. ఇందులో చాలా రకాలున్నాయి. అన్నిట్లోకీ సులువుగా అర్థమయ్యేది డీహ్యాష్. నీల్ క్రావెట్జ్ అనే ఆయన 2013లో దాన్ని వివరించి రాశాడు. ఫొటోలోని రంగులు తీసేసి బూడిదరంగులోకి మారుస్తారు. తర్వాత దాన్ని అడ్డం తొమ్మిది, నిలువు ఎనిమిది గళ్లకు కుదిస్తారు. మొత్తం డెబ్భై రెండు గళ్లు. ఒక్కో గడికి ఆ చోటి వెలుతురు ఎంతో చెప్పే ఒక అంకె ఉంటుంది. నల్లనిది 0, తెల్లనిది 255. ఇక ప్రతి వరుసలో ఎడమ నుంచి కుడికి పోతూ ఒకే ప్రశ్న: పక్క గడి దీనికన్నా వెలుతురుగా ఉందా? ఉంటే 1, లేకుంటే 0. తొమ్మిది గళ్ల మధ్య ఎనిమిది పోలికలు, ఎనిమిది వరుసలకు అరవై నాలుగు. ఆ అరవై నాలుగు బిట్లనే పదహారు అక్షరాలుగా రాస్తారు.

పెన్న లోయ ఫొటో నుంచి ఒక వరుస తీసుకుందాం. రెండు పక్కలా ఎండకు మెరిసే రాతి అంచులు, నడుమ నీడలో లోయ:

```
212 208 190  95  80  88 120 170 171
   0   0   0   0   1   1   1   1
```

ఇది `00001111`, అక్షరాల్లో `0f`. ఇప్పుడు వాట్సాప్ దీన్ని కాస్త తెల్లబరిచిందనుకోండి, ప్రతి అంకెకూ 20 కలిసింది. 212 కాస్తా 232 అయింది, 208 కాస్తా 228. ఎవరు ఎవరికన్నా వెలుతురో ఆ వరస మారలేదు కదా, కాబట్టి బిట్లూ మారలేదు. ఈ పద్ధతి బలమంతా ఇక్కడే ఉంది. వెలుతురు ఎంత అని అడగదు, ఏ వైపు పెరుగుతోంది అనే అడుగుతుంది.

రెండు ఫొటోల మధ్య ఎన్ని బిట్లు తేడాగా ఉన్నాయో లెక్కపెడితే వచ్చేదే హ్యామింగ్ దూరం. పైథాన్‌లో ఇంత పని:

```python
from PIL import Image
import imagehash
a = imagehash.dhash(Image.open("kota1.jpg"))
b = imagehash.dhash(Image.open("kota2.jpg"))
print(a, b, a - b)
```

చివరి అంకె 0 అయితే ఒకటే ఫొటో అనుకోవచ్చు. పది దాటితే వేర్వేరు అని వాడుకలో ఉన్న మోటు లెక్క. అరవై నాలుగు సార్లు బొమ్మాబొరుసూ వేస్తే రెండు వరసల మధ్య సగటున 32 తేడాలొస్తాయి కాబట్టి, సంబంధం లేని రెండు ఫొటోలు పది లోపు కలవడం దాదాపు జరగని పని అనిపిస్తుంది. కానీ ఫొటోలు బొమ్మాబొరుసూ కాదు. మన వైపు తీసిన ఫొటోల్లో సగానికి పైగా ఒకటే అమరిక: పైన మబ్బు లేని ఆకాశం, కింద ఎర్రనేల, నడుమ మనుషులు. గండికోటలో అందరూ ఎక్కి నిలబడే రాయి మీద మా పెద్దమ్మ వాళ్లు నిలబడ్డారు, తర్వాత మా చిన్నాన్న వాళ్లు నిలబడ్డారు. దూరం 6 వచ్చింది. మనుషులు మారిపోయినా యంత్రానికి ఒకటే ఫొటో. అది చూసేది లోయనూ ఆకాశాన్నీ. మనుషులు ఒక గడిలో పావు వంతు కూడా లేరు.

ఇప్పుడు ఫొటోను అద్దంలో చూసినట్టు తిప్పుదాం. కొన్ని ఫోన్లలో సెల్ఫీ తీస్తే అలాగే తిరగబడి పడుతుంది కూడా. కర్నూలు కొండారెడ్డి బురుజు ఫొటోలో ఒక వరుస ఇలా ఉందనుకోండి. ఎడమన నల్లటి బురుజు గోడ, కుడివైపు ఆకాశం:

```
 90  85  88 150 205 210 212 214 215   ->  01111111
215 214 212 210 205 150  88  85  90   ->  00000001
```

ఒక్క వరుసలోనే ఎనిమిదింటికి ఆరు తేడాలు. కంటికి అదే బురుజు, డీహ్యాష్‌కు మాత్రం సంబంధం లేని ఫొటో. ఇక్కడిదాకా పుస్తకాల్లో చెప్పేదే. నాకు నచ్చింది తర్వాతి సంగతి. పైన చూసిన పెన్న లోయ వరుసను తిప్పి చూడండి. 171, 170, 120, 88, 80, 95, 190, 208, 212. మళ్లీ అదే `00001111`. ఎందుకంటే లోయ నడిమధ్యన ఉంది. ఎడమ నుంచి పోయినా కుడి నుంచి పోయినా ముందు చీకటి పడుతుంది, తర్వాత తెల్లారుతుంది. లోయ ఒక గడి పక్కకు జరిగినా తేడా రెండు బిట్లే. కాబట్టి "అద్దంలో తిప్పితే ఈ పద్ధతి పట్టుకోలేదు" అని ఒక్కమాటలో తేల్చేయడం కుదరదు. బురుజును పట్టుకోలేదు, లోయను పట్టుకుంటుంది. 2019లో ఫేస్‌బుక్ బయటపెట్టిన పీడీక్యూ అనే పద్ధతిలో ఈ ఇబ్బందికి విరుగుడు ఉంది. తిప్పడాలూ తిరగేయడాలూ కలిపి ఎనిమిది రూపాలకూ గుర్తులు లెక్కకట్టుకోవచ్చు. అందులో బిట్లు 256, వాటిలో 31 లోపు తేడా ఉంటే ఒకటే అంటారు.

ఫొటో అంచులు కోస్తే ఇలాంటి పద్ధతులకు కష్టమే. ఎడమవైపు పదోవంతు కోశారంటే ప్రతి గడీ తన చోటు నుంచి జరుగుతుంది. "శుభోదయం" అని ఫొటో మూల మీద రాస్తే ఒకట్రెండు గళ్లే చెడతాయి. అదే శుభోదయాన్ని ఫొటో కింద కొత్త పట్టీ అతికించి రాస్తే ఫొటో పొడుగు పెరుగుతుంది, ఎనిమిది వరుసలూ జరిగిపోతాయి. మా గ్రూపుల్లో మాత్రం పట్టీ వేసే వాళ్లే ఎక్కువ.

కనిపెట్టడానికి నాకు రెండు రోజులు పట్టిన తప్పు ఇంకొకటుంది. నిలువుగా తీసిన ఫొటోలు కొన్నింటికి అసలు ఫైలుకూ వాట్సాప్ ఫైలుకూ దూరం ముప్పైకి అటూ ఇటూ వస్తోంది. కళ్లకు రెండూ ఒకటే. చివరికి తేలిందేమంటే, చాలా ఫోన్లు ఫొటోను అడ్డంగానే దాచి, "చూపేటప్పుడు నిలబెట్టు" అని ఫైల్లో ఒక చీటీ పెడతాయి. ఫొటో తెరిచే యాప్ ఆ చీటీ చదువుకుంటుంది. పై కోడు చదవదు. వాట్సాప్ ఏమో ఫొటోను నిజంగానే నిలబెట్టి, చీటీ తీసేసి పంపుతుంది. అంటే నేను పడుకున్న ఫొటోను నిలబడ్డ ఫొటోతో పోలుస్తున్నాను. హ్యాష్ తీసేముందు `ImageOps.exif_transpose` గుండా పంపితే సరిపోయింది. దూరం ఒకేచోట గుమికూడి ముప్పై చుట్టూ కనిపిస్తే, అందులోనూ నిలువు ఫొటోలకే అలా వస్తే, ముందు ఈ చీటీనే అనుమానించండి.

ఇక నా కొంప సంగతి. ఆ ఊపులో కంప్యూటర్‌లోని ఫోల్డర్లన్నీ శుభ్రం చేద్దామని, దూరం పది లోపున్నవాటిలో ఒకటుంచి మిగతావి తీసేయమని రాసి పెట్టి అన్నం తినడానికి పోయాను. వచ్చేసరికి మా పెదనాన్న పట్టాదారు పాసుపుస్తకం స్కాన్లలో పద్నాలుగు పేజీలకు ఒకటే పేజీ మిగిలింది.

ఎందుకో లెక్కేసుకుంటే సిగ్గేసింది. స్కాన్ అడ్డం మూడు వేలు, నిలువు నాలుగు వేల చుక్కలు, మొత్తం కోటీ ఇరవై లక్షలు. డెబ్భై రెండు గళ్లకు పంచితే గడికి లక్షా అరవై ఆరు వేల పైచిలుకు. సర్వే నంబరులో 3 ఉన్నచోట 8 ఉంటే మహా అయితే మూడు వందల చుక్కలు తెలుపు నుంచి నలుపుకు మారతాయి. చుక్కకు రెండు వందల చొప్పున తగ్గినా అరవై వేలు. దాన్ని గడి మొత్తానికి సర్దితే వెలుతురు మారేది సున్నా పాయింటు మూడు ఆరు, అంటే ఒక్క అంకె కూడా కాదు. ఎవరి పొలం ఎవరికి పోయినా ఆ గడి కదలదు. అన్ని పేజీల్లోనూ అవే గీతలు, అవే ఖాళీలు, పైన అదే ముద్ర. బిట్లు పెంచి 16 గళ్ల హ్యాష్ పెట్టినా తేడా అంకెన్నర దాటదు. కాగితాల మీద ఈ పద్ధతి వాడకూడదని నాకు తెలియక కాదు, ఫోల్డరు చూసుకోక.

చెత్తబుట్టలో చూస్తే పదకొండు పేజీలు దొరికాయి. ఇంకో రెండు దొరకలేదు. పెదనాన్నకు ఫోన్ చేసి, పాసుపుస్తకం పంపితే మళ్లీ స్కాన్ చేసిస్తానన్నాను.

"అది యాడుందిరా అబ్బీ, పంట లోనుకు బ్యాంకులో పెట్టినా కదా. అందుకే గదా నీతో ఫొటోలు తీయించుకునింది" అన్నాడు.