కొడుకు స్కాన్ చేస్తే కొడుక్కే టోకెన్

కొత్త సాఫ్ట్‌వేర్ వస్తోందంటూ ఆసుపత్రి ఆఫీసు నుంచి కిందికి దిగే సర్క్యులర్లు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. ఫలానా తేదీ నుంచి అమలు, లాగిన్ ఐడీలు త్వరలో ఇస్తారు, సిబ్బంది అంతా సహకరించాలి. ఓపీ కౌంటర్లో కూర్చునే డేటా ఎంట్రీ ఆపరేటర్‌కి ఇందులో పనికొచ్చేది తేదీ ఒక్కటే. ఏ బటన్ నొక్కాలో ఎలాగూ రెండు రోజుల్లో చేతికి అలవాటవుతుంది. చెప్పాల్సింది వేరే ఉంది.

దేశంలో చాలా ఆసుపత్రుల్లోకి ఇప్పుడు వచ్చిన మార్పు ఇలాంటిదే. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైంది. ఏడాది తర్వాత, 2022 అక్టోబరులో, ఢిల్లీలోని లేడీ హార్డింజ్ వైద్య కళాశాల ఆసుపత్రిలో ‘స్కాన్ అండ్ షేర్’ పద్ధతి పెట్టారు. ఆ తర్వాత దీన్ని ఎక్కువగా వాడుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. రోగి చేతిలో ఆభా ఖాతా ఉన్న ఫోన్ ఉండాలి. ఆభా అంటే 14 అంకెల ఆరోగ్య ఖాతా సంఖ్య. దానికి తోడు name@abdm తరహాలో ఒక చిరునామా కూడా ఉంటుంది.

పని తీరు తేలికే. కౌంటర్ దగ్గర అతికించిన క్యూఆర్ కోడ్‌ను రోగి తన ఫోన్‌లోని ఆభా యాప్‌తో స్కాన్ చేసి, వివరాలు పంపడానికి ఒప్పుకుంటాడు. పేరు, పుట్టిన తేదీ లేదా సంవత్సరం, స్త్రీయా పురుషుడా, ఫోన్ నంబరు, చిరునామా లాంటివి ఆసుపత్రి కంప్యూటర్‌కు చేరతాయి, ఫోన్ తెర మీద టోకెన్ నంబరు కనిపిస్తుంది. కౌంటర్లో ఉన్నవాళ్లు తమ తెర మీది జాబితాలో ఆ టోకెన్ తెరిచి, వివరాలు సరిచూసి, ఏ విభాగమో ఎంచి, ఓపీ చీటీ ప్రింట్ చేసిస్తారు. ఇంటిపేరు స్పెల్లింగ్ అడిగి టైపు చేసే బాధ తప్పుతుంది. స్కాన్‌తో వెళ్లేది ఈ పరిచయ వివరాలే. పాత రిపోర్టులు చూడాలంటే రోగి విడిగా అనుమతి ఇవ్వాలి. ‘నా జబ్బులన్నీ అందరికీ తెలిసిపోతాయా’ అని క్యూలో ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి, ఈ జవాబు కూడా మెమోలో ఉండాలి.

టైపింగ్ తగ్గిందంటే తప్పులు తగ్గాయని కాదు. తప్పులు చోటు మార్చుకున్నాయి, అంతే.

వాటిలో మొదటిది కుటుంబంలో ఒకరి ఫోన్ ఇంకొకరు వాడటం. అమ్మకు మోకాళ్ల నొప్పి. కొడుకు వెంట వచ్చాడు, ఫోన్ అతనిది, యాప్‌లో ఉన్న ఖాతా కూడా అతనిదే. అతను స్కాన్ చేస్తాడు, టోకెన్ అతని పేరుతో వస్తుంది. రద్దీలో ఎవరూ చూడకపోతే ఎముకల విభాగానికి వెళ్లే చీటీ మీద ముప్ఫై ఏళ్ల మగవాడి పేరు ఉంటుంది. పసిగట్టడం కష్టమేమీ కాదు, తెర మీద వయసూ లింగమూ చూసి ఎదురుగా ఉన్న మనిషిని ఒకసారి చూస్తే చాలు. తేడా ఉంటే ఆ టోకెన్ వదిలేసి, తల్లికి ఆభా ఖాతా ఉంటే అదే యాప్‌లో దాన్ని ఎంచుకుని మళ్లీ స్కాన్ చేయమనాలి. లేకపోతే మామూలు పద్ధతిలోనే నమోదు చేయాలి. ఆభా లేదని ఎవరినీ వెనక్కి పంపడానికి వీల్లేదు. అది స్వచ్ఛందం. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ల కోసం పాత కౌంటర్ కూడా నడవాల్సిందే.

రెండో తప్పు కంటికి కనిపించదు, అందుకే ఎక్కువ ప్రమాదం. స్కాన్ చేసిన వివరాలు రాగానే సాఫ్ట్‌వేర్ ఒక ప్రశ్న వేస్తుంది: ఈ రోగి పాతవారా, కొత్తవారా? పాతవారైతే ఆసుపత్రి ఇదివరకు ఇచ్చిన నంబరుకే ఈ ఆభాను జోడించాలి. కొత్తవారైతే కొత్త నంబరు పుట్టించాలి. క్యూ పొడుగ్గా ఉన్నప్పుడు వేలు సహజంగా ‘కొత్త’ మీదికే పోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. వెంకటలక్ష్మి అనే ఆవిడ 2019లో అదే ఆసుపత్రిలో చికిత్స చేయించుకున్నారనుకోండి. అప్పటి రికార్డులో P Venkata Laxmi, వయసు 52. ఇప్పుడు ఆధార్ ఆధారంగా తీసిన ఆభాలో Pasupuleti Venkata Lakshmi, పుట్టిన సంవత్సరం 1968. పూర్తి పేరుతో వెతికితే పాత రికార్డు దొరకదు. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి మాట. లక్ష్మి ఒకచోట ఎక్స్‌తో, ఇంకోచోట కేఎస్‌హెచ్‌తో. వయసు లెక్క కూడా అచ్చంగా కుదరదు: 2019లో 52 అంటే పుట్టింది 1967 అవ్వాలి. ఆ రోజు ఆవిడ ఉజ్జాయింపుగా చెప్పి ఉంటారు. ఆధార్‌లోనూ చాలామంది పెద్దవాళ్లకు సంవత్సరం మాత్రమే ఉంటుంది, అదీ అంచనాదే కావచ్చు.

కొత్త నంబరు ఇచ్చేస్తే ఏమవుతుంది? పెన్సిలిన్ పడదని పాత రికార్డులో డాక్టరు రాసిన మాట పాత నంబరు కిందే ఉండిపోతుంది. ఇవాళ్టి డాక్టరు తెర మీద ఆ గడి ఖాళీ. అలాగని దగ్గరగా కనిపించిన మొదటి వెంకటలక్ష్మికి జోడిస్తే నష్టం ఇంకా పెద్దది, ఎందుకంటే వేరొకరి రక్తపరీక్షలు ఈవిడవైపోతాయి. ఒకే ఊళ్లో ఒకే వయసు వెంకటలక్ష్ములు ఇద్దరుండటం మనకేం వింత కాదు.

అందుకే మెమోలో వెతికే వరస రాసిపెట్టాలి. ముందు ఫోన్ నంబరుతో చూడాలి. దొరక్కపోతే పేరులో స్పెల్లింగ్ మారని ముక్కతో, ఇక్కడైతే Venkata అన్నంత వరకే, పుట్టిన సంవత్సరానికి అటూ ఇటూ రెండేళ్లు కలిపి వెతకాలి. వచ్చిన జాబితాలో ఊరు, భర్త లేదా తండ్రి పేరు, పాత ఓపీ చీటీ ఉంటే దాని మీది నంబరు సరిపోతున్నాయా చూడాలి. అడిగే తీరు కూడా ముఖ్యమే. ‘మీరు వెంకటలక్ష్మేనా?’ అంటే వినపడనివాళ్లూ కంగారులో ఉన్నవాళ్లూ కూడా తలూపేస్తారు. ‘మీ పేరు చెప్పండమ్మా, ఏ ఊరు?’ అంటే జవాబు వాళ్ల నోటినుంచే వస్తుంది. రోగిని గుర్తించడానికి కనీసం రెండు ఆధారాలు చూడాలన్నది ప్రపంచమంతా ఆసుపత్రులు పాటించే నియమం. టోకెన్ నంబరు ఆ రెండింటిలో ఒకటి కాదు, అది ఆ పూట వరసను మాత్రమే చెబుతుంది.

అప్పటికీ తేలకపోతే? కొత్త నంబరు ఇచ్చి, ‘పాత రికార్డు ఉండొచ్చు’ అని గుర్తు పెట్టి పంపడమే మేలు, చీటీ మీద కూడా ఆ మాట రాయాలి. విడిగా ఉన్న రెండు రికార్డులను తర్వాత కలపొచ్చు. ఇద్దరి వివరాలు కలిసిపోయిన ఒక రికార్డును విడదీయడం మాత్రం నరకం, ఏ పరీక్ష ఎవరిదో ఒక్కొక్కటిగా తేల్చుకోవాలి.

ఇక ఎవరిని అడగాలన్న సంగతి. చాలా మెమోల్లో ఒక పేరూ ఒక ఫోన్ నంబరూ ఉంటాయి. ఆయన సెలవు పెట్టిన రోజున కౌంటర్ ఆగుతుంది. సమస్యను బట్టి విభాగం రాయడం, రాత్రి డ్యూటీకి వేరే నంబరు ఇవ్వడం నయం. ప్రింటర్, నెట్, లాగిన్ చిక్కులు ఆసుపత్రి ఐటీ విభాగానివి. ఆధార్‌కు జోడించిన ఫోన్ మారిపోయి ఓటీపీ రాకపోతే ముందు ఆధార్‌లో ఆ నంబరు మార్పించుకోవాలి. కౌంటర్లో పది నిమిషాలు ప్రయత్నించినా ఫలితం ఉండదు. ఆభా ఖాతాలోనే తేడా ఉంటే జాతీయ సహాయ కేంద్రం 14477 ఉంది. రెండు రికార్డులు కలపడం మెడికల్ రికార్డ్స్ విభాగం పని. ఆ బటన్ కౌంటర్ లాగిన్‌లో లేకుండా చేయడమే మంచిది.

సర్వర్ పడిపోయిన రోజు కోసం ముందే నంబర్లు వేసిన కాగితపు చీటీల పుస్తకం ఒకటి కౌంటర్లో ఉండాలి. నెట్ వచ్చాక వాటిని ఎక్కించేటప్పుడు రోగి వచ్చిన అసలు సమయం రాయాలి, ఎక్కించిన సమయం కాదు. కాగితం నంబరు కూడా రికార్డులో చేర్చాలి, ఎందుకంటే ల్యాబ్‌కు వెళ్లిన రక్తం సీసా మీద ఉన్నది ఆ నంబరే.