ఆరు సెకన్ల వీడియోలో స్పష్టమైన ఫొటో ఏది?

పెళ్లిళ్లలో, షష్టిపూర్తుల్లో మనసుకు నచ్చిన నవ్వు చాలాసార్లు ఫొటోల్లో దొరకదు, వీడియోలో దొరుకుతుంది. కెమెరా ముందు నిలబెట్టి నవ్వమంటే బిగుసుకుపోయే మామ్మ, పక్కన మనవడు ఏదో అనగానే పకపకా నవ్వేస్తుంది. సరిగ్గా అప్పుడే ఎవరి ఫోన్లోనో వీడియో నడుస్తూ ఉంటుంది. ఆ నవ్వును ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకోవాలంటే ఆ క్లిప్పులోంచి ఒక్క బొమ్మను బయటికి తీయాలి. ఆరు సెకన్ల క్లిప్పు, సెకనుకు 30 ఫ్రేముల లెక్కన మొత్తం 180 బొమ్మలు. వాటిలో ఏది తీయాలి?

ఫోన్లో వీడియో ఆపి చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. చిన్న తెరలో మసక తెలియదు. ప్రింటు వేయించాక తెలుస్తుంది. ఫుల్ హెచ్‌డీ వీడియోలో ఒక ఫ్రేము 1920×1080 పిక్సెళ్లు. అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రిస్తే వచ్చేది 6.4×3.6 అంగుళాల బొమ్మే. చేతిలో ఉన్న పిక్సెళ్లే తక్కువ, వాటిలో కొన్నిటిని మసకకు వదులుకునే వీలు లేదు.

మసక ఎందుకు వస్తుందో కూడా లెక్క కట్టి చూడవచ్చు. ఇంట్లో ట్యూబులైటు వెలుగు తక్కువ కాబట్టి ఫోను ఒక్కో ఫ్రేముకు సెకనులో ముప్పయ్యో వంతు దాకా కాంతిని పోగుచేసుకుంటుంది. నవ్వుతూ కదిలే తల సెకనుకు 20 సెంటీమీటర్ల వేగంతో కదిలినా, ఆ కాస్త వ్యవధిలో దాదాపు 7 మిల్లీమీటర్లు జరుగుతుంది. 20 సెంటీమీటర్ల ముఖం ఫ్రేములో 500 పిక్సెళ్ల ఎత్తు ఉందనుకుంటే, ఆ కదలిక 17 పిక్సెళ్ల మేర అలికేసినట్టే. అయితే నవ్వుతున్న తల ఒకే వేగంతో కదలదు. వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు వచ్చేటప్పుడు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగిన చోట పడిన ఫ్రేములో కళ్లజోడు అంచు, కనురెప్పల వెంట్రుకలు కత్తిరించినట్టు ఉంటాయి. మనం వెతకాల్సింది ఆ ఫ్రేము కోసమే.

180 బొమ్మలను ఒక్కొక్కటిగా పెద్దది చేసి చూసేబదులు, స్పష్టతకు ఒక మార్కు వేసే లెక్క ఉంది. పేరు లాప్లాసియన్ వేరియన్స్. ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త పియర్ సిమోన్ లాప్లాస్ పేరు మీద వచ్చిన లెక్క ఇందులో సగం. ఇంటర్ లెక్కల్లో చదువుకునే విస్తృతి మిగతా సగం.

ముందు బొమ్మను నలుపు తెలుపులోకి మారుస్తారు. అప్పుడు ప్రతి పిక్సెల్ 0 నుంచి 255 వరకు ఒక అంకె అవుతుంది. 0 అంటే కటిక నలుపు, 255 అంటే పూర్తి తెలుపు. ఇప్పుడు ప్రతి పిక్సెల్ దగ్గరా ఒకే పని: పైన, కింద, ఎడమ, కుడి ఉన్న నాలుగు పిక్సెళ్ల విలువలు కూడి, అందులోంచి మధ్య పిక్సెల్ విలువకు నాలుగు రెట్లు తీసేయాలి. చుట్టుపక్కల వాటితో పోలిస్తే ఈ పిక్సెల్ ఎంత భిన్నంగా ఉందో ఆ ఫలితం చెబుతుంది.

మామ్మ కళ్లజోడు నల్ల ఫ్రేము అంచునే తీసుకుందాం. ఫ్రేము విలువ 20, పక్కనున్న చెంప విలువ 200. నిలువు అంచు కాబట్టి ఏ పిక్సెల్‌కైనా పైనా కిందా దాని విలువే ఉంటుంది. బొమ్మ స్పష్టంగా ఉంటే 20 పక్కనే 200 వస్తుంది. అంచుకు ఇవతలి పిక్సెల్ దగ్గర లెక్క 20+200+20+20, అంటే 260. అందులోంచి 80 తీసేస్తే 180. అంచుకు అవతలి పిక్సెల్ దగ్గర ఇదే లెక్క మైనస్ 180 ఇస్తుంది. సమంగా ఉన్న చోటల్లా సున్నా.

అదే అంచు మసకబారితే 20, 65, 110, 155, 200 అని మెల్లగా ఎక్కుతుంది. నిలువు మెట్టు ఉన్న చోట ఏటవాలు వచ్చినట్టు. వాలు మొదలయ్యే చోట ఫలితం 45, ముగిసే చోట మైనస్ 45, మధ్యలో అంతా సున్నా.

ఈ ఫలితాలకు సగటు తీస్తే లాభం లేదు. రెండు సందర్భాల్లోనూ ప్లస్సులూ మైనస్సులూ కొట్టేసుకుని సున్నా మిగులుతుంది. అందుకే విస్తృతి కావాలి. సగటు నుంచి ఒక్కోటి ఎంత దూరంగా ఉందో చూసి, దాన్ని వర్గం చేసి, ఆ వర్గాల సగటు తీస్తాం. అంచు చుట్టూ పది పిక్సెళ్ల వరుస తీసుకుంటే స్పష్టమైన బొమ్మకు 6480, మసక బొమ్మకు 405 వస్తుంది. ఎక్కుడు నాలుగింతలు మెల్లగా జరిగితే మార్కు పదహారింతలు పడిపోయింది. వర్గం చేయడం వల్ల చిన్న మసక కూడా మార్కులో పెద్దగా కనిపిస్తుంది. ఈ పద్ధతి బలం అదే.

ఈ కొలత పుట్టిన చోటు కూడా తెలుసుకోదగ్గది. 2000లో బార్సిలోనాలో జరిగిన ఒక అంతర్జాతీయ సదస్సులో పెచ్ పచేకో బృందం దీన్ని వివరించింది. వాళ్ల పని మైక్రోస్కోపు కింద డయాటమ్‌లనే సూక్ష్మమైన నాచు జీవులను చూడటం. స్లైడు ఒకటే, లెన్సు మాత్రం పైకీ కిందకీ జరుగుతుంది. ఏ స్థానంలో ఫోకస్ కుదిరిందో యంత్రమే కనిపెట్టాలి. అంటే మొదటినుంచీ ఈ కొలత ఒకే దృశ్యాన్ని దానితోనే పోల్చడానికి పనికొచ్చింది. వేర్వేరు ఫొటోలకు కలిపి పాస్ మార్కు పెట్టడానికి కాదు.

చాలామంది తడబడేది ఇక్కడే. మార్కు 100 దాటితే స్పష్టం, దాటకపోతే మసక అనే సూత్రం ప్రచారంలో ఉంది. దాన్ని గుడ్డిగా నమ్మితే తెల్లగోడ ముందు తీసిన చక్కటి ఫొటో తప్పుతుంది, కంకర రోడ్డు మీద కాస్త కదిలిన ఫొటో పాసవుతుంది. గోడ మీద వివరాలే లేవు, కంకరలో వేలకొద్దీ అంచులున్నాయి. ఒకే క్లిప్పులోని ఫ్రేములనో, ఫోను బర్స్ట్‌లో వరసగా తీసిన ఫొటోలనో ఒకదానితో ఒకటి పోల్చినప్పుడే ఈ మార్కుకు అర్థం ఉంటుంది.

పైథాన్ భాష, ఓపెన్‌సీవీ లైబ్రరీ ఉన్న కంప్యూటర్లో ఈ పనంతా కొద్ది వరుసల్లో అయిపోతుంది:

```python
import cv2
cap = cv2.VideoCapture("clip.mp4")
scores, n = [], 0
while True:
    ok, frame = cap.read()
    if not ok:
        break
    face = frame[200:700, 700:1200]
    g = cv2.cvtColor(face, cv2.COLOR_BGR2GRAY)
    g = cv2.GaussianBlur(g, (3, 3), 0)
    scores.append((cv2.Laplacian(g, cv2.CV_64F).var(), n))
    n += 1
print(sorted(scores, reverse=True)[:5])
```

ఎక్కువ మార్కులొచ్చిన ఐదు ఫ్రేముల నంబర్లు ఇది చూపిస్తుంది. మొదటి ఫ్రేము నంబరు సున్నా. `CV_64F` అన్నది వదిలేయకూడదు. మామూలు ఎనిమిది బిట్ల అంకెల్లో మైనస్ విలువలు నిలవవు, సున్నా అయిపోతాయి, అంచులో సగం సమాచారం అక్కడే పోతుంది.

`face` అన్న వరుస ఇంకా ముఖ్యం. మొత్తం ఫ్రేముకు మార్కు వేస్తే ఏమవుతుందో మామ్మ క్లిప్పులోనే చూడండి. వెనక పూల డిజైను కర్టెన్ వేలాడుతోంది. ఫోను ఒక్క క్షణం ముఖాన్ని వదిలి కర్టెన్ మీద ఫోకస్ పట్టిందనుకుందాం. పూల అంచులన్నీ పదునుగా వస్తాయి, ముఖం మసకబారుతుంది. మొదటి మార్కు ఆ ఫ్రేముకే. లెక్కలో తప్పేమీ లేదు, మనకు అక్కర్లేని చోటును కొలిచాం, అంతే. అందుకే ముఖం ఉన్న పెట్టెను మాత్రమే కత్తిరించి కొలవాలి. ఆ అంకెలు మీ క్లిప్పులో ముఖం ఎక్కడుందో చూసి మార్చుకోవాలి. తల బాగా కదిలితే పెట్టెలోంచి జారిపోకుండా క్లిప్పులో చిన్న ముక్కనే తీసుకోవాలి.

రెండో చిక్కు వెలుగుతో. వేడుకలో ఎవరి కెమెరా ఫ్లాషో వెలిగిన ఫ్రేము ఒక్కసారిగా పైకి లేస్తుంది. పిక్సెల్ విలువలన్నీ 20 శాతం పెరిగితే మార్కు 1.44 రెట్లవుతుంది, స్పష్టత మాత్రం అణువంత కూడా పెరగదు. పక్క ఫ్రేములకు పొంతన లేకుండా ఒక్కటే ఎగిరిపడితే అనుమానించాలి. వచ్చిన మార్కును ఆ పెట్టె సగటు వెలుగు వర్గంతో, అంటే `g.mean()**2` తో భాగిస్తే ఈ తేడా చాలావరకు సర్దుకుంటుంది.

మూడోది నాయిస్. తక్కువ వెలుగులో బొమ్మ మీద ఇసుక చల్లినట్టు కనిపించే గరుకు అది. ప్రతి గరుకు చుక్కా ఈ లెక్కకు ఒక అంచులాగే కనబడుతుంది. మధ్య పిక్సెల్‌ను నాలుగుతో గుణిస్తాం కాబట్టి దాని వంతు 16, చుట్టూ ఉన్న నాలుగింటికీ ఒక్కొక్కటి, మొత్తం 20. అంటే నాయిస్ విస్తృతికి 20 రెట్లు మార్కులో చేరుతుంది. ప్రామాణిక విచలనం 5 ఉన్న నాయిస్ విస్తృతి 25, మార్కులో చేరేది 500. ఇందాక మసక అంచుకు వచ్చింది 405 మాత్రమే. అందుకే కోడులో `GaussianBlur` తో ముందే కొద్దిగా నునుపు చేస్తాం. గరుకు తగ్గుతుంది, నిజమైన అంచులు నిలుస్తాయి.

ఈ జాగ్రత్తలన్నీ తీసుకున్నా మార్కుకు తెలియని విషయాలు ఉంటాయి. మామ్మ రెప్ప వేసిందా, నవ్వు సగంలో ఉందా, పక్కవాళ్ల చెయ్యి అడ్డొచ్చిందా అన్నది లెక్కకు పట్టదు. కెమెరా అడ్డంగా కదిలితే నిలువు అంచులు చెదిరిపోతాయి, చీర అంచు లాంటి అడ్డగీతలు మాత్రం నిలిచి మార్కును పైకి లాగుతాయి. కాబట్టి మొదటి ర్యాంకు ఫ్రేమును కళ్లు మూసుకుని ప్రింటుకు పంపకండి. ఆ ఐదింటినీ కంప్యూటర్లో 100 శాతం సైజులో తెరిచి, ముందుగా కళ్లు, కనురెప్పలు చూసి ఎంచుకోండి. 180ని ఐదుకు దించడం లెక్క పని, ఐదులోంచి ఒకటి తీయడం మీ పని.

ఒక్క మాట. ఇదంతా ఒరిజినల్ వీడియోతోనే చేయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియో కుదించుకుపోయి సన్నని వివరాలు పోగొట్టుకుని వస్తుంది, పోయినవాటిని ఏ లెక్కా తిరిగి తేలేదు. వీడియో తీసినవాళ్లు దాన్ని చెరిపేయకముందే అడిగి, డాక్యుమెంట్‌గా పంపించుకోండి.