చిల్లు ఎంత, అంచు ఎంత

ఈసీజీ కాగితం మీద చిన్న గడి ఒక మిల్లీమీటరు. ఆ గడి నిలువున 0.1 మిల్లీవోల్టుకు సమానం. గుండె పై గదులు ముడుచుకోబోతున్నాయని చెప్పే పి తరంగం ఎత్తు సాధారణంగా ఒకటి, రెండు గడులకు మించదు. ఇప్పుడు దాని మీద గోడ లోపలి కరెంటు తీగల నుంచి వచ్చిన 50 హెర్ట్జ్ గుర్రు పడిందనుకోండి. ఎలక్ట్రోడు సరిగా అంటుకోకపోతే ఆ గుర్రు ఒక మిల్లీవోల్టు దాకా ఉండవచ్చు. సన్నని గీత ఉండాల్సిన చోట దట్టమైన పట్టీ కనిపిస్తుంది. పి తరంగం అందులో ఎక్కడుందో వెతుక్కోవాలి.

నేను ఫిల్టర్ల గురించి నిజంగా నేర్చుకున్నది ఇలాంటి ఒక పట్టీని చెరపబోయినప్పుడే. బల్ల మీద ఈసీజీ బోర్డు, సెకనుకు 500 శాంపిళ్లు. గుండె సంకేతంలో 40 హెర్ట్జ్ దాకా ఉన్నదాన్ని ఉంచాలి, 50 నుంచి పైదాన్ని ఆపాలి. వార్డులో మంచం పక్కన ఉండే మానిటరుకు ఇది చాలు. రోగ నిర్ధారణకు తీసే ఈసీజీలో 150 హెర్ట్జ్ దాకా ఉంచాలి కాబట్టి అక్కడ ఈ ఫిల్టరు పనికిరాదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

ఎఫ్‌ఐఆర్ ఫిల్టరు చేసే పని చాలా మామూలుది. వరసగా వచ్చిన కొన్ని శాంపిళ్లు తీసుకుని, ఒక్కోదాన్ని ఒక్కో అంకెతో గుణించి, అన్నిటినీ కూడుతుంది. ఆ మొత్తమే ఒక కొత్త శాంపిలు. తర్వాత ఒక అడుగు ముందుకు జరిగి మళ్లీ అదే పని. ఆ గుణించే అంకెలను ట్యాపులు అంటారు. డిజైను అంటే ఆ అంకెలు ఎన్ని, ఏవి అని తేల్చడమే.

45 హెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టు తెగిపోయే ఆదర్శ ఫిల్టరుకు ఏ అంకెలు కావాలో గణితం సూటిగానే చెబుతుంది. నడిమి అంకె 0.18. దానికి రెండు పక్కలా 0.1706, ఆ తర్వాత 0.1440. అలా తగ్గుతూ ఆరో అంకెకు వచ్చేసరికి సున్నా దాటి మైనస్ 0.0132 అవుతుంది, తర్వాత మళ్లీ పైకి లేస్తుంది. ఇలా ఊగుతూ ఊగుతూ రెండు వైపులా అనంతంగా సాగుతుంది. చిక్కు ఇక్కడే ఉంది. తోక సన్నబడుతుంది గానీ తెగదు, మనమేమో ఎక్కడో ఒకచోట కత్తిరించక తప్పదు.

నేను నడిమి నుంచి అటు 22, ఇటు 22 ఉంచి మిగతావి తీసేశాను. మొత్తం 45 ట్యాపులు. తెర మీద పట్టీ సన్నబడింది కానీ పోలేదు. లెక్క చూస్తే 50 హెర్ట్జ్ దగ్గర దాదాపు పదో వంతు మిగిలింది. అంటే ఒక మిల్లీవోల్టు గుర్రు 0.1 మిల్లీవోల్టు అయింది, కాగితం మీద ఒక గడి. పి తరంగానికి సరిసాటి. ట్యాపులు సరిపోలేదనుకుని రెట్టింపు చేసి 91 పెట్టాను. ఈసారి మిగిలింది నూటికి ఎనిమిది, తొమ్మిది పాళ్లు. లెక్కలు రెట్టింపయ్యాయి, గుర్రు మాత్రం ఉన్నచోటే ఉంది. ఆ రోజు సాయంత్రమంతా కోడులో తప్పు వెతికాను. తప్పు కోడులో లేదు.

గోడకు సున్నం వేసేటప్పుడు కింద ఎర్రమట్టి పట్టీ, పైన తెలుపు ఉంటే, రెంటి మధ్య అంచు ఎంత తిన్నగా వస్తుందన్నది కుంచెను బట్టి ఉంటుంది. మన ఆదర్శ గోడను కూడా ఒక కుంచెతో గీస్తున్నట్టే. తోకను ఎలా కత్తిరించామన్నదే ఆ కుంచె ఆకారాన్ని నిర్ణయిస్తుంది. కుంచెకు నడుమ లావుపాటి భాగం ఒకటి ఉంటుంది, దాన్ని మెయిన్‌లోబ్ అంటారు. అంచు ఎంత వెడల్పున పులుముకుంటుందో అది చెబుతుంది. దాని పక్కన విడివిడిగా లేచిన చిన్న వెంట్రుకలు సైడ్‌లోబ్‌లు. రంగు తగలకూడని చోట చుక్కలు చిందించేవి అవే. ఉన్నపళంగా కత్తిరిస్తే వచ్చే కుంచెకు నడుమ భాగం చాలా సన్నన, పక్క వెంట్రుకలు మాత్రం పొడవు. అందుకే అంచు పదునుగా వచ్చింది, చుక్కలు విపరీతంగా పడ్డాయి.

ట్యాపులు పెంచితే కుంచె మొత్తం సన్నబడుతుంది. నడుమ భాగం, వెంట్రుకలు ఒకే నిష్పత్తిలో కుదించుకుపోతాయి. కాబట్టి చుక్కలు అంచుకు దగ్గరగా జరుగుతాయే తప్ప వాటిలో పెద్దదాని పరిమాణం తగ్గదు. అది మొత్తం ఎత్తులో సుమారు 9 శాతం దగ్గరే నిలిచిపోతుంది. దీన్ని 1848లోనే హెన్రీ విల్‌బ్రహామ్ గమనించి రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1899లో జోసయా విల్లర్డ్ గిబ్స్ ‘నేచర్’ పత్రికకు రాసిన లేఖలో మళ్లీ వివరించాక ఆయన పేరే దానికి స్థిరపడింది. నా 91 ట్యాపుల వెనక ఉన్నది ఇదే.

మందు కత్తిరింపులోనే ఉంది. తోకను ఒక్కసారిగా తెగ్గొట్టకుండా, చివరలకు పోయే కొద్దీ మెల్లగా అణచుకుంటూ రావాలి. అందుకు ప్రతి ట్యాపునూ నడుమ 1 ఉండి అంచులకు తగ్గే ఒక వంపుతో గుణిస్తాం. ఆ వంపు పేరే విండో. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రిచర్డ్ హామింగ్ పేరిట ఉన్న విండోలో చివరి ట్యాపుల విలువ 0.08కి దిగుతుంది, సున్నాకు కాదు. దాని సూత్రంలోని 0.54, 0.46 అంకెలు అంచుకు దగ్గరలో ఉన్న పెద్ద సైడ్‌లోబ్‌ను దాదాపు చెరిపేసేలా ఎంచుకున్నవి. ఆస్ట్రియా వాతావరణ శాస్త్రవేత్త యూలియస్ ఫాన్ హాన్ పేరు మీదున్న విండో మాత్రం పూర్తిగా సున్నాకు దిగుతుంది. అందువల్ల దాని దూరపు సైడ్‌లోబ్‌లు త్వరగా అణగిపోతాయి, దగ్గరివి కాస్త పెద్దగా ఉంటాయి. మన గుర్రు అంచుకు దగ్గర్లోనే కాచుకుని ఉంది కాబట్టి నాకు హామింగ్ సరిపోతుంది.

అయితే చివరలను అణచామంటే దూరపు ట్యాపుల చేత తక్కువ పని చేయించుకుంటున్నామని అర్థం. ఫిల్టరు నిజంగా ఉన్నదానికన్నా పొట్టిదిగా ప్రవర్తిస్తుంది. కుంచె నడుమ లావవుతుంది, అంచు పులుముకుంటుంది. ఆ అంచును తిరిగి సన్నం చేయాలంటే ట్యాపులు పెంచాలి, వేరే దారి లేదు. నేను ఆ సాయంత్రం తెలుసుకోవలసింది ఇది: ఎంత లోతుగా ఆపాలో విండో తేలుస్తుంది, ఎంత తొందరగా ఆపాలో పొడవు తేలుస్తుంది. ఒకదాని పని ఇంకోదాని చేత చేయించలేం.

మన లెక్కలో అంచుకు దొరికేది 40కీ 50కీ మధ్య 10 హెర్ట్జ్. హామింగ్ విండోకు కావలసిన ట్యాపులు సుమారుగా 3.3ను శాంపిలు వేగంతో గుణించి అంచు వెడల్పుతో భాగిస్తే వస్తాయి. 3.3 ఇంటూ 500 బై 10, అంటే 165. దీంతో ఆపవలసినది 53 డెసిబెల్‌ల దాకా తగ్గుతుంది, అంటే సుమారు 450వ వంతుకు. ఒక మిల్లీవోల్టు గుర్రులో మిగిలేది రెండు మైక్రోవోల్టులు. విండో లేకుండా కత్తిరించినప్పుడు ఇదే అంచుకు 45 ట్యాపులు చాలాయి, కానీ లోతు 21 డెసిబెల్‌లే. ఇంకా లోతు కావాలని బ్లాక్‌మన్ విండో వాడితే 74 డెసిబెల్‌లు వస్తాయి, ట్యాపులు మాత్రం 275 అవుతాయి.

```python
from scipy.signal import firwin, freqz
h = firwin(165, 45, window="hamming", fs=500)
f, H = freqz(h, worN=8192, fs=500)
```

రెండో వరుసలో ఉన్న 45ను జాగ్రత్తగా చూడండి. 50 హెర్ట్జ్‌ను ఆపాలి గదా అని అక్కడ 50 రాసేవాళ్లు చాలామంది. విండో పద్ధతిలో ఆ అంకె పులుముకున్న అంచుకు నట్టనడుమ పడుతుంది, అక్కడ సంకేతం సరిగ్గా సగం మిగులుతుంది. ట్యాపులు వెయ్యి పెట్టినా సగమే. తెర మీద గుర్రు సగానికి తగ్గి అక్కడే నిలిచిపోతే మొదట అనుమానించవలసింది ఈ అంకెనే. `H` పరిమాణాన్ని డెసిబెల్‌లలో గీసి, 50 దగ్గర విలువ చదివితే సంగతి తేలిపోతుంది.

ఎక్కువ ట్యాపులకు చెల్లించే ధర లెక్కల భారం ఒక్కటే కాదు. సౌష్ఠవంగా ఉన్న ఫిల్టరులో సంకేతం ట్యాపుల్లో సగం ఆలస్యంగా బయటికి వస్తుంది. 165 ట్యాపులకు 82 శాంపిళ్లు, అంటే 164 మిల్లీసెకన్లు. 275 అయితే 274 మిల్లీసెకన్లు. నర్సు తెర చూస్తున్నంతసేపు ఇది ఎవరికీ తెలియదు. అదే గుండె కొట్టుకోవడాన్ని గుర్తుపట్టి, ఆ కొట్టుకునే క్షణానికే షాకు ఇవ్వవలసిన యంత్రానికి ఈ ఆలస్యం పనికిరాదు. అక్కడ ఈ తరహా ఫిల్టరునే పక్కన పెట్టాలి.

అప్పుడు అసలు ప్రశ్న ముందుకొస్తుంది: ఎంత లోతు నిజంగా అవసరం? మళ్లీ కాగితం దగ్గరికి వెళదాం. గుర్రు నూరో వంతుకు తగ్గితే 0.01 మిల్లీవోల్టు మిగులుతుంది, కాగితం మీద మిల్లీమీటరులో పదో వంతు. గీత మందంలోనే అది కలిసిపోతుంది. అంటే 40 డెసిబెల్‌లు చాలు. హామింగ్ ఇచ్చే 53లో 13 నాకు అక్కర్లేనివి, వాటికి ట్యాపుల్లో ధర కడుతున్నాను.

హామింగ్, హాన్, బ్లాక్‌మన్ విండోలు ఒక్కొక్కటి ఒక్కో లోతుకు బిగించి ఉంటాయి, మధ్యలో ఆగడం కుదరదు. బెల్ ల్యాబ్స్‌కే చెందిన జేమ్స్ కైజర్ ఇచ్చిన విండోలో బీటా అనే ఒక మర ఉంటుంది, దాన్ని తిప్పి మనకు కావలసిన లోతు దగ్గర నిలుపుకోవచ్చు. 40 డెసిబెల్‌లకు బీటా 3.395 అని కైజర్ సూత్రం చెబుతుంది. అదే 10 హెర్ట్జ్ అంచుకు ట్యాపులు 113.

```python
h = firwin(113, 45, window=("kaiser", 3.395), fs=500)
```

ఆలస్యం 164 నుంచి 112 మిల్లీసెకన్లకు దిగింది. బోర్డు మీద పెట్టి చూసినప్పుడు ఆర్ శిఖరం కాస్త పొట్టిదయింది. 40 పైన ఉన్నదంతా తీసేశాం కాబట్టి ఆ నష్టం ఏ విండో వాడినా తప్పదు. దాని ముందు, రెండు చిన్న గడుల ఎత్తున, నున్నగా పి తరంగం లేచి కనిపించింది.