వార్తల్లో పదం: ఆహార భద్రత

గోదాముల్లో ధాన్యం పేరుకుపోయినంత మాత్రాన ఆహార భద్రత ఉన్నట్టు కాదు. 1996 రోమ్ ఆహార శిఖరాగ్ర సదస్సు నిర్వచనం నుంచి నిపుణులు నాలుగు కోణాలు చూస్తున్నారు: తిండి దొరకాలి (లభ్యత), కొనే శక్తి ఉండాలి (అందుబాటు), తిన్నది ఒంటబట్టాలి (వినియోగం), ఈ మూడూ ఏడాది పొడవునా నిలవాలి (స్థిరత్వం).

మన బఫర్ నిల్వలు కాపాడేది ప్రధానంగా నాలుగో దాన్ని. ఇందుకోసం భారత ఆహార సంస్థ, రాష్ట్రాల సంస్థలు మద్దతు ధరకు ధాన్యం కొంటాయి. కేంద్ర నిల్వల్లో ఏప్రిల్ 1న కనీసం 210.4 లక్షల టన్నుల బియ్యం, గోధుమలు ఉండాలి. జులై 1న ఆ పరిమితి 411.2 లక్షల టన్నులకు పెరుగుతుంది. గోధుమల కొనుగోలు అప్పటికే ముగుస్తుంది, మళ్లీ రబీ పంట వచ్చేదాకా ఆ నిల్వతోనే నెట్టుకురావాలి మరి.

2022లో ఈ నిల్వల ఏర్పాటుకు గట్టి పరీక్షే ఎదురైంది. మార్చి ఎండలకు గోధుమ దిగుబడి తగ్గింది, యుక్రెయిన్ యుద్ధంతో మార్కెట్ ధర మద్దతు ధరను దాటింది. రైతులు సహజంగానే ప్రైవేటు వ్యాపారులకు అమ్ముకున్నారు. ప్రభుత్వ సేకరణ అంతకుముందు ఏడాది 433 లక్షల టన్నులుంటే, ఆ ఏడాది సుమారు 188 లక్షలకు పడిపోయింది. కేంద్రం గోధుమల ఎగుమతిని ఆపి, కొన్ని రాష్ట్రాల రేషన్‌లో గోధుమలకు బదులు బియ్యం ఇచ్చింది.

నెలకు మనిషికి 5 కిలోలన్న చట్టబద్ధ హామీ అలా నిలిచింది. పప్పు, కూరగాయలు మాత్రం ఆ హామీలో లేవు. మూడో కోణంలో మన వెనుకబాటుకు ఇదొక కారణం.