కొర్రన్నం మీద పీహెచ్‌డీ: సెమినార్‌కు ముందు అడగాల్సిన మూడు ప్రశ్నలు

ఇంగ్లండులో పీహెచ్‌డీ మొదలుపెట్టిన మా ఆడపడుచు ప్రపోజల్ సెమినార్‌కు ముందు తన కాగితాలు నా చేతికిచ్చి, "వదినా, నువ్వూ సైన్సు చదివావుగా, గట్టిగా ప్రశ్నలడుగు" అంది. విషయం మనకు దగ్గరిదే. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిన తెలుగు స్త్రీలు కాన్పు తర్వాత ఆరు నెలలపాటు రాత్రి అన్నం బదులు కొర్రన్నం తింటే షుగర్ అదుపులో ఉంటుందా? ఇది తేల్చడానికి 60 మంది కావాలని రాసుకుంది.

మొదట అడిగింది, ఈ ఖాళీ నిజంగా ఉందా అని. "తెలుగువాళ్ల మీద ఎవరూ చేయలేదు" అని రాసింది. అదొక్కటే చాలదు. మనవాళ్లలో ఫలితం వేరుగా ఎందుకుండాలో కూడా చెప్పాలి. పైగా ఏ పేరుతో వెతికిందన్నది ముఖ్యం. పబ్‌మెడ్‌లో `korralu` అని కొట్టి, దొరకలేదంటే ఒప్పుకోరు. `foxtail millet`, `Setaria italica` అనీ, తెలుగు బదులు `South Asian` అనీ వెతకాలి. అలా వెతికితే కొర్రలకూ షుగర్‌కూ సంబంధించిన అధ్యయనాలు బయటికొచ్చాయి. ఒక్కోదానిలో ఎవరిని, ఎంతకాలం చూశారో పట్టిక వేస్తే, నిండకుండా మిగిలిన గడే అసలు ఖాళీ.

రెండోది, అంతమంది దొరుకుతారా? తను మాట్లాడుకున్న క్లినిక్కుకు ఏడాదికి 40 మంది అలాంటి స్త్రీలు వస్తారట. సగం మంది ఒప్పుకుంటారనుకుంటే 20. చంటిబిడ్డతో ఆరు నెలలు కొలిచి తినడం, పరీక్షలకు రావడం కష్టం. పావువంతు మధ్యలో మానేస్తే 15 మిగులుతారు. ఆ లెక్కన 60 మందికి నాలుగేళ్లు పడుతుంది.

మూడోది గడువు. స్కాలర్‌షిప్ 36 నెలలు. ఎథిక్స్ అనుమతి రాకుండా ఒక్కరినీ చేర్చుకోకూడదు. అనుమతికీ, ఏర్పాట్లకూ 9 నెలలు, చివర విశ్లేషణకూ రాతకూ 9 నెలలు తీసేస్తే 18 మిగులుతాయి. చివర చేరినామెకూ ఆరు నెలలు పూర్తి కావాలి కనుక, చేర్చుకోవడానికి మిగిలేది 12 నెలలే. అంటే 15 మంది.

అందుకని ప్రశ్ననే చిన్నది చేసింది. ఒక్కొక్కరూ రెండు వారాలు అన్నం, రెండు వారాలు కొర్రన్నం తింటారు. సగం మంది అన్నంతో మొదలుపెడతారు, సగం మంది కొర్రలతో. భోజనం తర్వాత షుగర్ కొలుస్తారు. ఎవరికి వాళ్లే పోలిక కనుక తక్కువమందితో సరిపెట్టవచ్చు. ఎంతమంది చాలో స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్లతో మళ్లీ లెక్క కట్టించింది. ఆరు నెలల తర్వాత షుగర్ ఎలా ఉంటుందో మాత్రం దీనితో తేలదు. ఆ పరిమితిని మొదటి పేజీలోనే రాసుకుంది. సెమినార్‌లో దాచినట్టు కనబడేదానిమీదే ముందు ప్రశ్న పడుతుంది మరి.